జుట్టా, దారమా

చక్రాలాయనకు కుక్కలంటే భయం. ఈ సంగతి ఇంట్లో భార్యకూ, వీధిలో కుక్కలకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. అటువంటి మనిషి తన నలభై నాలుగో ఏట, ఊళ్ళోవాళ్ళ కుక్కలను షికారు తిప్పే సంస్థ పెట్టడానికి తాను తగినవాడినని అచ్చు కాగితం మీద నిండు సంతకం చేశాడంటే, దానికి కారణం కుక్కలు కావు. చక్రాలు.

ఆయన పందొమ్మిదేళ్ళు ఒక పెద్ద ఆసుపత్రి వర్క్‌షాపులో పనిచేశాడు. అక్కడ మనుషులకున్నట్టే యంత్రాలకూ హోదాలుండేవి. ఊపిరి ఆడించే యంత్రాలు చూసేవాళ్ళకు ఏసీ గది. ఎక్స్‌రే యంత్రాలు చూసేవాళ్ళకు ఫ్యాను గది. మంచాలకూ స్ట్రెచర్లకూ మందుల ట్రాలీలకూ కింద ఉండే చక్రాలు చూసే ఆయనకు మెట్ల కింద ఖాళీ. ఆసుపత్రి మొత్తం పందొమ్మిదేళ్ళపాటు ఆయన నెత్తి మీదుగానే ఎక్కి దిగింది.

ఆసుపత్రి చక్రానికి శత్రువులు చాలామంది. నేల మీద రాలిన జుట్టు, కట్ల గుడ్డల దారాలు, ప్లాస్టరు పీలికలు ఇరుసుకు చుట్టుకుంటాయి. నేల తుడిచిన నీళ్ళు బేరింగులోకి దిగి తుప్పు పట్టిస్తాయి. బ్రేకు వేసిన సంగతి మరిచి ఎవరో ట్రాలీని బలంగా ఈడుస్తారు, చక్రం ఒక పక్క అరిగి చదునవుతుంది, ఇక ఆ ట్రాలీ నడిచినంతకాలం టకటకలాడుతూనే ఉంటుంది. ఇవన్నీ ఆయన వంగి చూడనక్కర్లేదు. వింటే చాలు. వరండా ఆ చివర ట్రాలీ కదిలితే, ఈ చివర కూర్చుని “కుడివైపు ముందుది. దారం” అనేవాడు. తెరిచి చూస్తే దారమే ఉండేది.

ఆయనకు ఆ పేరు పెట్టింది పెద్ద సిస్టరు. ఆ ఆసుపత్రి నర్సులందరికీ పైన ఆవిడ, ఆవిడకు పైన ఎవరున్నారో ఎవరూ తేల్చుకోలేదు. ఒకసారి రోగిని పడుకోబెట్టిన స్ట్రెచరు లిఫ్టులోకి ఎక్కుతూ, లిఫ్టుకూ గచ్చుకూ మధ్య సందులో ముందు చక్రం దిగబడి ఆగిపోయింది. తలుపులు మూసుకోబోయి తెరుచుకుని, మళ్ళీ మూసుకోబోతున్నాయి. ఎవరో పరిగెత్తి చెబితే ఈయన వచ్చి, గచ్చు మీద వెల్లకిలా పడుకుని, చట్రాన్ని రెండు చేతులా పైకెత్తి, స్ట్రెచరును లోపలికి పంపాడు. ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే, లిఫ్టు ఎక్కే స్ట్రెచర్లన్నింటికీ ఆ సందులో పట్టనంత పెద్ద చక్రాలు వేశాడు. అప్పటి నుంచి పెద్ద సిస్టరు కొత్తగా చేరిన ప్రతి నర్సుకూ మొదటిరోజే మూడు చూపించేది: మందుల అలమర, మంటలార్పే సిలిండరు, చక్రాలాయన.

ఇంత గౌరవాన్ని ఆయన ఏనాడూ గౌరవంగా పుచ్చుకోలేదు. పుచ్చుకునేవాడేమో, కూతురు బడిలో ఒక వివరాల కాగితం నింపకపోతే. తండ్రి వృత్తి అన్నచోట ఆ పిల్ల చక్కటి దస్తూరీతో ‘చక్రాలు శుభ్రం చేయుట’ అని రాసింది. టీచరు “కారు చక్రాలా అమ్మా?” అని అడిగింది. “కాదు టీచర్, మంచాలవి” అంది పిల్ల. క్లాసంతా నవ్వింది. పిల్ల ఇంటికొచ్చి, అందరూ ఎలా నవ్వారో చూపించడానికి తానూ నవ్వింది. భార్య కూడా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. కానీ ఆయన నవ్వు తక్కిన రెండు నవ్వుల కంటే కాస్త ముందే ఆగిపోయింది.

ఆరు నెలల కిందట ఆసుపత్రివాళ్ళు వర్క్‌షాపు ఎత్తేసి, యంత్రాల బాగోగులన్నీ ఒక కంపెనీకి అప్పగించారు. ఒప్పందంలో పదకొండు పేజీల యంత్రాల పట్టిక ఉంది. అందులో చక్రం అన్న మాట లేదు. ఆసుపత్రిలో కదిలే ప్రతి వస్తువూ దేని మీద కదులుతోందో ఆ పదకొండు పేజీలు రాసినవాళ్ళకు తట్టలేదు. ఇది అవకాశమని ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. ఈయన మాత్రం పీడ వదిలిందనుకున్నాడు. ఫోను నంబరు కూడా మార్చేశాడు. పాత నంబరుకు రోజూ ఎవరో ఒకరు “చక్రాలాయనేనా?” అంటూ ఫోను చేయడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

ఇక్కడ బావమరిది ప్రవేశం. సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసే ఆ పాతికేళ్ళవాడికి ప్రపంచం మీద అపారమైన నమ్మకం ఉంది, ఎందుకంటే దాన్ని ఎక్కువగా తెర మీదే చూశాడు.

“బావా, ఊళ్ళో కుక్కలెన్నో తెలుసా?”

“తెలుసు. మన వీధిలోనే ఏడు.”

“అవి కాదు బావా, పెంపుడువి. పొద్దున పోతే సాయంత్రం దాకా ఇంటికి రానివాళ్ళు ఎంతమంది కుక్కల్ని పెంచుతున్నారో! వాటిని ఎవరు తిప్పుతారు? మనం ఒక యాప్ పెడతాం. వాళ్ళు నొక్కుతారు, మనవాళ్ళు వెళ్ళి తిప్పుతారు. అంతే.”

“మనవాళ్ళంటే ఎవరురా?”

“పెట్టుకుందాం బావా. ముందు మార్కెట్టు చూడు, ఎంత పెద్దదో!”

వంటింట్లోంచి భార్య గొంతు వినబడింది. “ఏవండీ, మార్కెట్టు సంగతి సరే. మీరు కుక్కను తిప్పుతారా, కుక్క మిమ్మల్ని తిప్పుతుందా?”

“అక్కా, నువ్వూరుకో. బావ యజమాని. యజమాని కుక్కను ముట్టుకోనక్కర్లేదు.”

ఆ మాట చక్రాలాయన మనసుకు హత్తుకుంది. పందొమ్మిదేళ్ళుగా ఆయన ముట్టుకోనిదంటూ లేదు. ముట్టుకోనక్కర్లేని పని ఒకటి లోకంలో ఉందన్న ఊహకే ఆయన భుజాలు కాస్త నిటారయ్యాయి.

కొత్తగా సంస్థలు పెట్టేవాళ్ళకు ఒక ఏడాదిపాటు ఉచితంగా గది ఇచ్చి, చేయిపట్టి నడిపించే కేంద్రం ఒకటి ఊరి చివర పాత గోదాములో ఉంది. మొత్తం ఎనిమిది గదులు. ఏడు నిండాయి. ఎనిమిదో గదికి దరఖాస్తు పెట్టారు. కాగితంలో ఏడో ప్రశ్న ఇలా ఉంది: ‘ఈ పని మీరే ఎందుకు చేయాలి? ఇతరులకు లేనిది మీకేముంది?’

బావా బావమరుదులు ఆ ప్రశ్న ముందు ఒక సాయంత్రమంతా కూర్చున్నారు.

“పట్టుదల అని రాయనా?” అన్నాడు బావమరిది.

“అందరూ అదే రాస్తార్రా.”

“అయితే గట్టి పట్టుదల అని రాస్తా.”

అనుభవం అన్న గడిలో చక్రాలాయన స్వయంగా, ఎంతో ఆలోచించి, ‘ఆరోగ్య రంగంలో చలన విభాగమున పందొమ్మిదేళ్ళు’ అని రాశాడు. రాసి, చదువుకుని, ఈ మనిషెవరో తనకూ తెలిస్తే బాగుండుననుకున్నాడు.

గది వస్తుందన్న ధీమాతో, పిలుపు వచ్చిన రోజే బావమరిది దుకాణంలో ఉద్యోగం మానేశాడు. అడిగి మానేయలేదు, మానేసి చెప్పాడు. “నిన్ను నమ్ముకునే కదా బావా” అన్నాడు. అప్పటి నుంచి చక్రాలాయనకు సరిగ్గా నిద్ర లేదు.

పిలుపు మధ్యాహ్నం మూడింటికి. గోదాము గోడలకు తెల్ల సున్నం, నేలకు బూడిదరంగు గచ్చు, గది బయట పొడవాటి బెంచీ. ఆ బెంచీ మీద వీళ్ళతోపాటు మరొక ఆవిడ కూర్చుని ఉంది. పన్నెండేళ్ళు బడి బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే పని చేసిందట. బడి వదిలాక తల్లిదండ్రులు వచ్చేలోపు పిల్లల్ని తన దగ్గర ఉంచుకునే ఏర్పాటు పెడుతుందట. ఎనిమిదో గదికి ఆవిడే పోటీ. ఆవిడ చేతిలో ఫైలు లేదు, యాప్ లేదు. ఫోను మాత్రం ఊరుకోకుండా మోగుతూనే ఉంది.

“ఆ, చెప్పమ్మా... లేదమ్మా, ఇవాళ నేను బస్సులో లేను, కొత్తమ్మాయి ఉంది... మీవాడు వెనక సీట్లో నిద్రపోతాడు, లేపమని చెప్పాన్లే... అయ్యో, నేను కాకపోతే దిగనన్నాడా!”

బావమరిది చక్రాలాయన చెవిలో “ఈవిడకి ప్రెజెంటేషనే లేదు బావా” అని ఊదాడు. చక్రాలాయన ఆవిడ ఫోను వంకే చూస్తున్నాడు.

ముందు వీళ్ళనే పిలిచారు. లోపల బల్ల వెనక మూడు కుర్చీలు, వాటిలో ఇద్దరు మనుషులు. ఒకాయన కేంద్రం అధ్యక్షుడు, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళు మూసుకుని వినే రకం. రెండో ఆవిడ నాలుగు జిల్లాల బడులకు యూనిఫారాలు కుట్టించే కంపెనీ యజమానురాలు. ఒకప్పుడు తానే మిషను తొక్కిందని గోడ మీద పటం చెబుతోంది. మూడో కుర్చీ ఖాళీ.

బావమరిది అరగంట ముందునుంచీ నోట్లో తిప్పుకుంటున్నదంతా ఏకధాటిగా అప్పజెప్పాడు. కుక్కల సంఖ్య, ఏటేటా వాటి పెరుగుదల, విదేశాల్లో కుక్కల వైభవం. యూనిఫారాలావిడ ఓపికగా విని, చక్రాలాయన వైపు తిరిగింది.

“మీకు కుక్క ఉందా అండీ?”

“ప్రస్తుతానికి లేదండి.”

“ఇంతకు ముందు?”

“ఇంతకు ముందూ ప్రస్తుతం లాగేనండి.”

“పోనీ మీ ఫోను తీయండి. కుక్కలున్నవాళ్ళ నంబర్లు ఎన్నున్నాయో చూడండి. ఇప్పుడు ఫోను చేస్తే, మీరెవరో చెప్పుకోకుండానే ఎత్తి, ‘ఆ, చెప్పండి’ అనేవాళ్ళు.”

చక్రాలాయన ఫోనులో నాలుగు వందల పన్నెండు నంబర్లున్నాయి. కుక్కలున్నవాళ్ళ నంబరు ఒకటే ఉంది. అది పక్కింటాయనది, రాత్రి మొరుగుడు గురించి ఫిర్యాదు చేయడానికి పెట్టుకున్నది. తక్కినవన్నీ ‘మగవార్డు సిస్టరు’, ‘పిల్లల ఆసుపత్రి స్టోరు’, ‘కళ్ళాసుపత్రి బ్రేకు పెడలు’, ‘ఆపరేషను గది రెండో ట్రాలీ’. వాటిని బయటికి చదవడమా!

“ఫోనులో చార్జింగు లేదండి” అన్నాడు. అదే క్షణంలో జేబులో ఫోను నిక్షేపంగా మోగింది. కట్ చేశాడు.

యూనిఫారాలావిడ నవ్వలేదు. అందువల్ల ఆయనకు ఇంకా కష్టమైంది.

“చూడండి, మీ ఆలోచన చెడ్డదని నేననను. కుక్కలున్నాయి, తిప్పేవాళ్ళు కావాలి, నిజమే. కానీ రేపు కుక్కల డాక్టరు దగ్గర పదేళ్ళు కాంపౌండరుగా చేసినవాడు ఇదే మొదలుపెట్టాడనుకోండి. వాడికి ఏ కుక్క కరుస్తుందో తెలుసు, ఏ యజమాని తాళంచెవి ఇస్తాడో తెలుసు. కుక్కలున్న ఇళ్ళన్నీ వాడిని పేరుపెట్టి పిలుస్తాయి. వాడి ముందు మీ దగ్గర ఏముంది?”

“గట్టి పట్టుదలండి” అన్నాడు బావమరిది.

“వాడికి అది లేదని ఎలా అనుకున్నావయ్యా?”

ఆ సమయంలోనే తలుపు తెరుచుకుంది. “ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి” అంటూ మూడో కుర్చీ మనిషి లోపలికొచ్చింది. తెల్లచీర, పొట్టి జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. పెద్ద సిస్టరు.

రిటైరయ్యాక ఊళ్ళోని నాలుగు ఆసుపత్రులకు, ఏ సామాను కొనాలో ఏది బాగుచేయించాలో ఆవిడే సలహా చెబుతోందన్న సంగతి చక్రాలాయనకు తెలియదు. తెలిసుంటే ఆ రోజు జ్వరం తెచ్చుకునేవాడు. ఆవిడ కూర్చుంది, కళ్ళద్దాలు పైకి తోసుకుంది, ఆయన్ని చూసింది. ముఖం విప్పారింది.

“ఏమయ్యా! నువ్వు చక్రాలాయనవి కదూ?”

గదిలో అందరూ ఆయన వైపు చూశారు. అధ్యక్షుడు కళ్ళు కూడా తెరిచాడు. చక్రాలాయనకు ఆ ఒక్క క్షణంలో క్లాసంతా నవ్వడం వినబడింది.

“కాదండి,” అన్నాడు. “మీరు ఇంకెవరో అనుకుంటున్నారు.”

బావమరిది చటుక్కున బావ వైపు తిరిగాడు.

పెద్ద సిస్టరు ముప్పై ఏళ్ళు రోగుల అబద్ధాలు విన్న మనిషి. మందు వేసుకున్నానన్నవాడి దిండు కింద ఏముంటుందో ఎత్తకుండానే తెలుసుకునేది. కాగితం తీసి, అనుభవం అన్న గడి దగ్గర వేలుపెట్టి చదివింది.

“ఆరోగ్య రంగంలో చలన విభాగమా?”

“అవునండి.”

“అలాంటి విభాగం ఒకటుందని ముప్పై ఏళ్ళలో నాకెవరూ చెప్పలేదే” అంది నెమ్మదిగా, కాగితం బల్ల మీద పెడుతూ. “నేను పొరబడ్డానేమో. ఆయన కాస్త సన్నంగా ఉండేవాడు.”

చక్రాలాయనకు తల తీసేసినట్టయింది. ఆవిడ తిట్టి ఉంటే తట్టుకునేవాడు. తన అబద్ధాన్ని ఆవిడ మర్యాదగా చేతికందించి, దాంతోనే బతకమని వదిలేసింది.

అప్పుడు టీ వచ్చింది.

కేంద్రంలో టీలు తెచ్చే మనిషి చిన్న చక్రాల బండి తోసుకుంటూ తలుపు దాటాడు. బండి గచ్చు మీద నాలుగడుగులు వేసింది. కీచ్... కీచ్... కీచ్. సన్నగా, పళ్ళు పులిసేట్టు. అధ్యక్షుడు అలవాటైన ముఖంతో కప్పు అందుకున్నాడు. బావమరిది ప్రెజెంటేషను మళ్ళీ మొదలుపెట్టాడు. బండి బల్లకు అటువైపు తిరిగింది. కీచ్... కీచ్.

చక్రాలాయన గోళ్ళు అరచేతుల్లోకి దిగాయి. కిటికీలోకి చూశాడు. కుక్కల గురించి ఆలోచించడానికి ప్రయత్నించాడు. కీచ్. చిన్నప్పుడు చదువుకున్న ఎక్కాలు తలుచుకున్నాడు. కీచ్. పందొమ్మిదో ఎక్కం దగ్గర ఆయన మనసు పట్టుదప్పింది.

ఎప్పుడు కుర్చీలోంచి లేచాడో ఆయనకు తెలియదు. తెలివి వచ్చేసరికి ఆయన గచ్చు మీద మోకాళ్ళ మీద ఉన్నాడు. ఎడమ చేత్తో బండిని పక్కకు వంచి పట్టుకున్నాడు, కుడిచేతి గోరు ఇరుసు సందులో ఉంది. కప్పులు గలగలమంటున్నాయి.

పైనుంచి పెద్ద సిస్టరు గొంతు తాపీగా వచ్చింది.

“జుట్టా, దారమా?”

“జుట్టమ్మా,” అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే. “దారమైతే చక్రం ఈడుస్తుంది. జుట్టయితేనే ఇలా కీచుమంటుంది.”

అని, తానేమన్నాడో అప్పుడు విన్నాడు.

అలాగే ఉండిపోయాడు. లేవడానికి ముఖం చెల్లలేదు. వేలికి చుట్టుకుని వచ్చిన నల్లటి జుట్టు ఉండ వంకే చూస్తూ, అది తనదైనట్టు దాన్ని పిడికిట్లో దాచుకున్నాడు. టీలు తెచ్చే మనిషి బండిని ముందుకు తోసి చూశాడు. చప్పుడు లేదు. “అబ్బ! రెండేళ్ళయిందండీ ఇది అరవడం మొదలుపెట్టి” అన్నాడు మురిసిపోతూ. ఆ మెప్పు కూడా ఆ సమయంలో చక్రాలాయనకు చెంపదెబ్బలాగే తగిలింది.

అధ్యక్షుడు గొంతు సవరించుకుని, నిబంధనల ప్రకారం ఏ ఆలోచనకు దరఖాస్తు పెట్టారో దాన్నే పరిశీలిస్తామని, ఇక బయట కూర్చోవచ్చని చెప్పాడు. పావుగంటలో బడి బస్సు ఆవిడ లోపలికెళ్ళి వచ్చింది. మరో పావుగంటకు ఎనిమిదో గది ఆవిడదని తెలిసింది. ఆవిడ వీళ్ళ దగ్గరికొచ్చి “మీకు వస్తుందనుకున్నా అన్నయ్యా, మీ తమ్ముడు అంత బాగా మాట్లాడాడుగా” అంది. పాపం, నిజంగానే అంది. వెంటనే ఫోను మోగితే పక్కకు వెళ్ళిపోయింది.

బావా బావమరుదులు గోదాము మెట్ల మీద కూర్చున్నారు.

“బావా,” అన్నాడు బావమరిది, “నువ్వు చక్రాలాయనవని నాకు తెలుసు. ఆవిడకి తెలుసు. ఆ గదిలో ఎవరి దగ్గర దాచావు?”

చక్రాలాయన ఇంకా పిడికిట్లోనే ఉన్న జుట్టు ఉండ వంక చూశాడు.

“నేను దుకాణం మానేసింది కుక్కల కోసం అనుకున్నావా? కుక్కల మొహం నేనెప్పుడు చూశాను? నువ్వు యజమానివైతే బాగుంటుందని వచ్చా. ఏది పెట్టినా నీతో వచ్చేవాణ్ణి.”

వాడి గొంతులో కోపం లేదు. కోపమైతే చక్రాలాయన బదులు చెప్పగలిగేవాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పెద్ద సిస్టరు దిగి వస్తోంది. వీళ్ళకు రెండు మెట్ల పైన ఆగింది. చక్రాలాయన లేచి నిలబడ్డాడు గానీ తల లేవలేదు.

“ఆరు నెలలుగా నీ కోసం వెతుకుతున్నానయ్యా. పాత నంబరు పలకదు. మెట్ల కింద చీపుర్లు పెట్టుకున్నారు. నాలుగు ఆసుపత్రుల్లో ట్రాలీలు మూలన పడేసి ఉన్నాయి. కంపెనీ వాణ్ణి అడిగితే చక్రం మార్చం, మంచమే మారుస్తాం అంటాడు. బయటి మెకానిక్‌ని పిలిస్తే ట్రాలీని బండిలో ఎక్కించుకుని పోతానంటాడు, వారం దాకా తేడు. వార్డులో ట్రాలీ పూటసేపు లేకపోతే పనెలా జరుగుతుంది? వార్డులోనే, మధ్యాహ్నం రోగులు పడుకున్నాక, చూడటానికి వచ్చేవాళ్ళు రాకముందు ఆ రెండు గంటల్లో బాగుచేయాలని నీకు తప్ప ఎవడికి తెలుసు? చేతులూ సామానూ మందు నీళ్ళతో తుడుచుకుని లోపలికి రావాలని ఎవడికి తెలుసు? ఒక మనిషున్నాడు, తీసుకొస్తానని నాలుగు చోట్లా నా నోటితో చెప్పా. ఎదురుగా కనబడ్డావు. పిలిచా. నేను కాదన్నావు.”

“తప్పైపోయిందమ్మా.”

“నన్నెందుకు అడుగుతావు క్షమాపణ? నేనేం చేశాను? నువ్వు కాదన్నది నన్ను కాదు.”

ఆవిడ మెట్లు దిగింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “అన్నీ నీకోసం కాచుకుని ఉన్నాయనుకోకు. నీ ఫోనులో ఉన్న నంబర్లలో కొన్ని నీవి, కొన్ని నువ్వు కూర్చున్న కుర్చీవి. కుర్చీ పోయింది. నీవెన్ని మిగిలాయో ముందు చూసుకో. రేపు పదింటికి నేను పిల్లల ఆసుపత్రిలో ఉంటా. గేటు దగ్గర ఎవరొచ్చారని అడుగుతారు. చెప్పగలిగితే రా.”

ఆవిడ స్కూటరు వెళ్ళిపోయాక బావమరిది చెయ్యి చాపాడు. “ఫోనివ్వు బావా. చార్జింగు లేదుగా, ఉన్నంతవరకు చూద్దాం.”

పది నంబర్లు ఎంచుకున్నారు. కొత్త నంబరు కాబట్టి ఎవరికీ పేరు కనబడదు. తన పాతపేరు చెప్పుకోవాల్సిందే. మొదటిసారి “నేనండీ... అదే... ఆసుపత్రి వర్క్‌షాపులో...” అని నసిగాడు. అవతలివాళ్ళు రాంగ్ నంబరని పెట్టేశారు. రెండోవాళ్ళు ఎత్తలేదు. మూడోసారి కళ్ళు మూసుకుని, నీళ్ళలో దూకేవాడిలా, “చక్రాలాయన్ని” అన్నాడు.

“ఓరి దేవుడా! ఎక్కడయ్యా నువ్వు?” అని ఫోను అరిచింది.

పదింటిలో, రాంగ్ నంబరన్న మొదటివాళ్ళు పోను, ముగ్గురు పలకలేదు. ఇద్దరు “ఓహో, ఇప్పుడు ఏ ఆసుపత్రిలో ఉన్నారు?” అని అడిగి, ఏ ఆసుపత్రిలోనూ లేడని తెలిసి మర్యాదగా ఫోను పెట్టేశారు. అవి కుర్చీవి. ఒకరు ఆలోచించి చెబుతామన్నారు. ముగ్గురు మాత్రం ఎప్పుడొస్తావని అడిగారు. అందులో కళ్ళాసుపత్రి ఆవిడ, తమ దగ్గర బ్రేకు పడని మంచాలు పదకొండున్నాయని, వాటిని గోడకేసి కట్టి వాడుతున్నామని గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

బావమరిది ప్రెజెంటేషను కాగితం ఒకటి వెనక్కి తిప్పి, ‘పదకొండు, బ్రేకు, కళ్ళు’ అని రాసుకున్నాడు. దానిమీద ముందువైపు అచ్చు కుక్కబొమ్మ ఉంది.

ఇంటికెళ్ళాక భార్య ఒక్క మాటే అడిగింది. “ఆవిడ మిమ్మల్ని గుర్తుపట్టి పిలిస్తే కాదన్నారా?”

“ఊఁ.”

“పిల్లకి చెప్పకండి,” అంది ఆవిడ. “వాళ్ళ క్లాసులో మళ్ళీ ఏదో కాగితం ఇచ్చారట. ఈసారి ‘లిఫ్టులో ఇరుక్కున్న రోగిని కాపాడుట’ అని రాసింది. మళ్ళీ నవ్వుతారేమో అన్నా. నవ్వనీ, నిజమే కదా అంది.”

చక్రాలాయన పళ్ళెం ముందు నుంచి లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

మర్నాడు తొమ్మిదీ ముప్పావుకే పిల్లల ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాడు. భుజాన పాత సంచీ, అందులో సన్నమూతి పటకారు, రెంచీలు, కందెన డబ్బా, మందు నీళ్ళ సీసా. బావమరిది దుకాణానికి వెళ్ళాడు. పోయిన ఉద్యోగం అడుక్కోవడానికో, ఆ దుకాణం ముందు గోడ మీద ‘చక్రాలు బాగుచేయబడును’ అన్న కాగితం అంటించుకోనిమ్మని అడగడానికో వాడూ తేల్చుకోలేదు.

కాపలా మనిషి రిజిస్టరు ముందుకు తోశాడు. పేరు, ఎవరిని కలవాలి, ఏం పని. ఆయన పేరు రాశాడు. పెద్ద సిస్టరు అని రాశాడు. మూడో గడి దగ్గర కలం ఆగింది. చలన విభాగం అన్న మాట ఒక్క క్షణం, సిగ్గులేకుండా, మళ్ళీ తలెత్తింది.

“ఎవరొచ్చారని చెప్పాలండీ లోపల?” కాపలా మనిషి ఫోను చెవికి పెట్టుకుని అడిగాడు. వెనక వరసలో తల్లులూ తండ్రులూ పిల్లలూ పదిమంది నిలబడి ఉన్నారు.

“చక్రాలాయన,” అన్నాడు.

వినబడలేదు. కాపలా మనిషి చెవి దగ్గరికి తెచ్చాడు. “ఎవరూ?”

“చక్రాలాయన వచ్చాడని చెప్పండి,” అన్నాడు, వరసంతా వినేట్టు. తల్లి చంకనున్న పిల్లాడొకడు కిసుక్కుమన్నాడు. అంతే. మరెవ్వరూ నవ్వలేదు. ముఖం మాత్రం చెవుల దాకా వేడెక్కింది.

కాపలా మనిషి విని, ఫోను పెట్టేశాడు. “కూర్చోమన్నారు.”

గంట కూర్చున్నాడు. పిలవలేదు. లోపల ఎక్కడో ట్రాలీలు నడుస్తున్నాయి, ప్రతి చప్పుడూ ఆయన్ని పేరుపెట్టి పిలుస్తోంది. ఆవిడ కావాలనే కూర్చోబెట్టిందని తెలుసు. న్యాయమేననిపించింది. వెళ్ళిపోవాలని మాత్రం అనిపించలేదు.

పదకొండు దాటాక వరండా చివర తలుపు తెరుచుకుంది. పెద్ద సిస్టరు రాలేదు. ఒక నర్సు ఖాళీ మందుల ట్రాలీని తోసుకుంటూ వస్తోంది. దాని నడక వంకరగా ఉంది. ప్రతి రెండడుగులకూ గోడ వైపు లాగుతోంది, కీచుమనడం లేదు గానీ లోపల ఏదో గరగరమంటోంది.

“పెద్ద సిస్టరు ముందు దీని సంగతి చూడమన్నారండీ,” అంది నర్సు. “ఇంకా ఒకటి అడగమన్నారు. జుట్టా, దారమా అని.”

చక్రాలాయన సీసా తీసి చేతులు తుడుచుకున్నాడు. గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చక్రాన్ని ఒకసారి తిప్పి, చెవి దగ్గరగా పెట్టాడు.

“రెండూ కాదని చెప్పండి,” అన్నాడు. “బేరింగు పోయింది. పైకి తెలియకుండా చాలాకాలంగా లోపల తుప్పు పట్టింది. పూర్తిగా విప్పాలి.”